స్పుత్నిక్ వెనుక ఉన్న క్షిపణి

ప్రశ్న: అంతరిక్ష పోటీ నిజంగా సైన్స్ కోసమా, లేక క్షిపణుల కోసమా?

రెండూ ఒకే రాకెట్‌లో కలిసిపోయాయి. 1957 అక్టోబర్ 4న ప్రపంచపు తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్‌ను మోసుకెళ్లిన ఆర్-7 రాకెట్‌ను సోవియట్ ఇంజనీరు కొరొల్యోవ్ బృందం తయారు చేసింది అమెరికా దాకా అణుబాంబు చేర్చడానికే. సోవియట్ బాంబులు చాలా బరువు కాబట్టి రాకెట్ కూడా అంత పెద్దది కావాల్సి వచ్చింది. బాంబులను తేలిక చేసుకున్న అమెరికాకు చిన్న క్షిపణులు సరిపోయాయి. అంతరిక్షంలో అమెరికా మొదట వెనకబడటానికి ఇదో ముఖ్య కారణం, దీన్ని చాలామంది పట్టించుకోరు.

అంతకుముందు ఆగస్టులో ఆర్-7 పూర్తి దూరం ఎగిరింది కానీ, నమూనా వార్‌హెడ్ వాతావరణంలోకి తిరిగి వస్తూ ముక్కలైపోయింది. ఉపగ్రహానికి ఆ చిక్కు లేదు, అది తిరిగి రానక్కర్లేదు కదా! అందుకే క్షిపణి ఇంకా ఆయుధంగా పనికిరాకముందే 83.6 కిలోల స్పుత్నిక్ కక్ష్యలోకి చేరింది.

సోవియట్ పార్టీ పత్రిక ప్రావ్దా మొదటి రోజు ఆ వార్తను చిన్నగానే వేసింది. పాశ్చాత్య దేశాల కలవరం చూశాకే దాన్ని పతాక శీర్షిక చేసింది. అమెరికాకు అసలు అవమానం డిసెంబర్ 6న జరిగింది. ఉపగ్రహాన్ని మోసుకెళ్లాల్సిన వాన్‌గార్డ్ రాకెట్ లాంచ్ ప్యాడ్ మీదే పేలిపోవడాన్ని దేశమంతా టీవీలో చూసింది. చివరికి 1958 జనవరి 31న అమెరికా తొలి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1ను పంపింది రెడ్‌స్టోన్ క్షిపణి నుంచి రూపొందించిన సైన్యపు రాకెట్టే.