తున్నాను, తాను, ఆను: ఇంగ్లీషులో ఏ టెన్స్?

ప్రశ్న: తెలుగు చిన్న వాక్యాల్ని ఇంగ్లీషులోకి మారుస్తుంటే టెన్స్ దగ్గరే తప్పులు వస్తున్నాయి. ‘తున్నాను’ ఉంటే ప్రెజెంట్ కంటిన్యువస్, ‘తాను’ ఉంటే సింపుల్ ప్రెజెంట్, ‘ఆను’ ఉంటే సింపుల్ పాస్ట్ అని పెట్టుకుని రాస్తున్నా. సగం వాక్యాలకు ఎర్ర గీత పడుతోంది. ఎక్కడ పొరబడుతున్నాను?

జవాబు:

క్రియ చివర ఏముందో చూసి టెన్స్ ఎంచుకుంటున్నారు, చిక్కంతా అక్కడే ఉంది. నేనూ చాలాకాలం అలాగే రాశాను. ఉద్యోగంలో చేరిన రెండేళ్లకు, వేరే దేశంలో ఉండే ఒక సహోద్యోగికి నన్ను పరిచయం చేసుకుంటూ మెయిల్ రాయాల్సి వచ్చింది. మనసులో అనుకున్నది ‘ఇక్కడ రెండేళ్లుగా పనిచేస్తున్నాను’ అని. ‘తున్నాను’ ఉంది కదా అని ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’ అని రాసి పంపాను. ఆవిడ ఎంతో ఆదరంగా జవాబిచ్చారు. చివర్లో మాత్రం ‘మీ రెండేళ్లు ఎప్పటికి పూర్తవుతాయి? ఆ తర్వాత ఎక్కడికి వెళ్తున్నారు?’ అని అడిగారు. నన్ను తీసేస్తున్నారని ఎవరైనా చెప్పారేమోనని ఆ రోజంతా గాభరా పడ్డాను.

ఆవిడ తప్పేమీ లేదు. నేను రాసిన వాక్యం ఇంగ్లీషు వాళ్లకు ‘రెండేళ్ల ఒప్పందం మీద వచ్చాను, ప్రస్తుతం ఆ గడువులో ఉన్నాను’ అన్నట్టు వినిపిస్తుంది. నేను రాయాల్సింది ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’. తెలుగులో పని ఇంకా సాగుతోందని ‘తున్నాను’ చెబుతుంది, ఎప్పటి నుంచో ‘రెండేళ్లుగా’ చెబుతుంది. ఇంగ్లీషులో ఆ రెండో సంగతిని కూడా క్రియే మోయాలి. అందుకే ‘హ్యావ్ బీన్’ వచ్చి చేరుతుంది.

కాబట్టి ‘తున్నాను’ కనిపించగానే, అదే వాక్యంలో కాలం చెప్పే ‘నుంచి’ గానీ, ‘ఏళ్లుగా, రోజులుగా’లో ఉన్న ‘గా’ గానీ ఉందేమో వెతకండి. ఉంటే ‘హ్యావ్ బీన్’. ఇక్కడే ఇంకో మెలిక కూడా ఉంది. మనం ‘2019 నుంచి’ అంటాం, ‘మూడేళ్ల నుంచి’ అని కూడా అంటాం. రెండింటికీ ఒకటే ‘నుంచి’. ఇంగ్లీషులో మొదలైన చోటు చెబితే ‘సిన్స్’, గడిచిన కాలం కొలత చెబితే ‘ఫర్’. ‘సిన్స్ 2019’, ‘ఫర్ త్రీ ఇయర్స్’. ‘సిన్స్ త్రీ ఇయర్స్’ అని మన నోట అంత తేలిగ్గా వచ్చేది ఈ ఒక్క ‘నుంచి’ వల్లే.

‘తాను’ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అలవాటుకీ, జరగబోయేదానికీ తెలుగులో ఒకే రూపం వాడతాం. ‘రోజూ రాస్తాను’ అంటే ‘ఐ రైట్ ఎవ్రీ డే’. ‘రేపు రాస్తాను’ అంటే ‘ఐ విల్ రైట్ టుమారో’. కాలం చెప్పే మాట లేకపోతే ముందు వాక్యమే దిక్కు. ‘అతను నాతో మాట్లాడడు’ అన్నది ఎప్పుడూ ఉన్న తీరైతే ‘డజ్ నాట్ టాక్’, ఈ గొడవ తర్వాత ఇక మాట్లాడడు అని అయితే ‘వోంట్ టాక్’.

అయితే ‘రోజూ’ కనబడితే చాలు సింపుల్ ప్రెజెంట్ అని కూడా కళ్లు మూసుకుని రాయకండి. ‘రోజూ ఆలస్యంగా వస్తాడు’, ‘ఈమధ్య రోజూ ఆలస్యంగా వస్తున్నాడు’ అన్న రెండు వాక్యాల్ని పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది అతని స్వభావం, ‘హి కమ్స్ లేట్ ఎవ్రీ డే’. రెండోది కొత్తగా మొదలైన తీరు, రేపు మారొచ్చు కూడా. దాన్ని ‘హి హ్యాజ్ బీన్ కమింగ్ లేట్ ఎవ్రీ డే’ అంటేనే ఆ ‘ఈమధ్య’ ఇంగ్లీషులోకి చేరుతుంది. గతంలోని అలవాటుకు మనకు వేరే రూపమే ఉంది, ‘వెళ్లేవాణ్ని’ అని. దాన్ని ‘ఐ వాజ్ గోయింగ్ డైలీ’ అని రాయడం నేను చాలామంది రాతల్లో చూశాను. అది ‘అప్పుడు వెళ్తూ ఉన్నాను’ అవుతుంది. అలవాటుకు ‘ఐ యూజ్డ్ టు గో’ రాయాలి.

ఇక అసలు కష్టం ‘ఆను’ దగ్గర. ‘తాళంచెవి పోగొట్టుకున్నాను’ అన్న వాక్యం తీసుకోండి. తెలుగులో ఇది సంపూర్ణంగా సరిపోతుంది, అది ఆ తర్వాత దొరికిందో లేదో క్రియ చెప్పదు. ఇంగ్లీషు మాత్రం చెప్పమంటుంది. ఇప్పటికీ దొరకలేదు, తలుపు ముందు నిలబడి ఉన్నాను అంటే ‘ఐ హ్యావ్ లాస్ట్ మై కీ’. పోయిన నెల పోయింది, అదొక ముగిసిన సంగతి అంటే ‘ఐ లాస్ట్ మై కీ లాస్ట్ మంత్’. నేను నన్ను వేసుకునే ప్రశ్న ఒకటే. ఈ వాక్యం ఆ రోజు గురించా, ఇప్పటి పరిస్థితి గురించా? ఆ రోజు గురించైతే సింపుల్ పాస్ట్, ఇప్పటి పరిస్థితి గురించైతే ‘హ్యావ్’.

దీని నుంచి ఒక గట్టి నియమం వస్తుంది. నిన్న, పోయిన వారం, రెండు గంటల క్రితం, 2015లో అంటూ ముగిసిపోయిన కాలం వాక్యంలో ఉంటే ‘హ్యావ్’ రాకూడదు. మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ‘ఐ హ్యావ్ సెంట్ ది ఫైల్ ఎస్టర్‌డే’. ఎందుకు రాస్తామో నాకు తెలుసు. మనసులో ఉన్నది ‘పంపాను’ కాదు, ‘పంపేశాను’. ఆ ‘ఏశాను’లో పని పూర్తయిపోయిందన్న గట్టిదనం ఉంది, దాన్ని ఎలాగైనా పట్టుకురావాలని ‘హ్యావ్’ తగిలిస్తాం. కానీ ‘నిన్న’ వచ్చిందంటే ‘ఐ సెంట్ ది ఫైల్ ఎస్టర్‌డే’ అనే ఉండాలి. ‘నిన్న’ తీసేస్తే ‘ఐ హ్యావ్ సెంట్ ది ఫైల్’ చక్కగా ఉంటుంది. ‘ఇప్పటికే, ఇప్పుడే, ఇంకా’ వంటి మాటలు మాత్రం ‘హ్యావ్’కు చుట్టాలు. అక్కడ కూడా అమెరికన్లు ‘ఐ ఆల్రెడీ సెంట్ ఇట్’ అని హాయిగా అనేస్తారు, అది చూసి కంగారు పడకండి.

కాదన్నప్పుడు కూడా ఇదే లెక్క. ‘రాలేదు’ ఒక్కటే మాట. ‘నిన్న రాలేదు’ అంటే ‘డిడ్ నాట్ కమ్’, ‘ఇంకా రాలేదు’ అంటే ‘హ్యాజ్ నాట్ కమ్ యెట్’.

ఒక చోట మాత్రం తెలుగే స్పష్టంగా దారి చూపిస్తుంది. ‘బ్యాంకుకు వెళ్లాడు’ అంటే సాధారణంగా ఇంకా అక్కడే ఉన్నాడని, ‘హి హ్యాజ్ గాన్ టు ది బ్యాంక్’. ‘బ్యాంకుకు వెళ్లొచ్చాడు’ అంటే తిరిగొచ్చాడని, ‘హి హ్యాజ్ బీన్ టు ది బ్యాంక్’. గాన్, బీన్ తేడా ఎంతమంది చెప్పినా నాకు ఎక్కలేదు. ఈ ‘వెళ్లొచ్చాడు’ తట్టిన రోజు నుంచి మళ్లీ తప్పు రాయలేదు.

రూపానికీ అర్థానికీ పొత్తు కుదరని క్రియలు కూడా కొన్ని ఉన్నాయి, వాటి దగ్గర ఆగి చూడాలి. ఒక ఫోటో చూపిస్తూ ‘తమ్ముడు మూలన కూర్చున్నాడు, నీలం చొక్కా వేసుకున్నాడు’ అంటాం. రెండు క్రియలూ భూతకాలంలోనే ఉన్నాయి. ‘హి శాట్, హి వోర్’ అని రాస్తే చదివేవాళ్లు అదేదో పాత కథ అనుకుంటారు. కూర్చోవడం ముగిసింది, కూర్చుని ఉండటం సాగుతోంది. ఇంగ్లీషు ఆ సాగుతున్నదాన్నే పట్టుకుంటుంది, ‘హి ఈజ్ సిటింగ్ ఇన్ ది కార్నర్, హి ఈజ్ వేరింగ్ ఎ బ్లూ షర్ట్’. పడుకున్నాడు, నిలబడ్డాడు, పట్టుకున్నాడు అన్నవి కూడా ఈ కోవలోవే. ‘అలసిపోయాను’ ఇంకో అడుగు ముందుకెళ్తుంది, అది ‘ఐ యామ్ టయర్డ్’.

దీనికి తిరగేసిన జాతి ‘అర్థమవుతోంది, వినిపిస్తోంది, అనిపిస్తోంది’. ‘తోంది’ ఉన్నా ఇక్కడ ‘ఇంగ్’ పెట్టం. ‘ఐ అండర్‌స్టాండ్’, ‘ఐ కెన్ హియర్ ఇట్’, ‘ఐ థింక్ సో’. తెలియడం, నమ్మడం, కావాలనుకోవడం వంటివి ఇంగ్లీషులో పనులు కావు, స్థితులు. ‘ఐ యామ్ నోయింగ్’ అనకూడదని చెప్పేది అందుకే.

ఇవన్నీ ఒకచోట పడితే ఎలా ఉంటుందో, లైబ్రరీలో పనిచేసే ఒక స్నేహితురాలి కోసం మార్చిన ఐదు వాక్యాలు చెబుతాను. ‘ఐదేళ్లుగా ఈ లైబ్రరీలో పనిచేస్తున్నాను. రోజూ తొమ్మిదింటికి తలుపులు తెరుస్తాను. ఈ వారం పాత పుస్తకాల జాబితా రాస్తున్నాను. ఇప్పటికి నాలుగు వందలు రాశాను. నిన్న రెండు అరలు చూశాను.’

మొదటి దాంట్లో ‘ఏళ్లుగా’ ఉంది, ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఎట్ దిస్ లైబ్రరీ ఫర్ ఫైవ్ ఇయర్స్’. రెండోది అలవాటు, ‘ఐ ఓపెన్ ది డోర్స్ ఎట్ నైన్ ఎవ్రీ డే’. మూడోదాంట్లో ‘తున్నాను’ ఉన్నా ‘నుంచి’ లేదు, ‘ఈ వారం’ మాత్రమే ఉంది. వారం గడవలేదు, పని నడుస్తోంది, ‘దిస్ వీక్ ఐ యామ్ మేకింగ్ ఎ లిస్ట్ ఆఫ్ ది ఓల్డ్ బుక్స్’. ఆవిడ రాస్తున్న నిమిషంలో చేతిలో ఆ జాబితా లేకపోయినా ఇదే సరైనది.

నాలుగూ ఐదూ చూడండి. ‘రాశాను’, ‘చూశాను’, రెండింటి చివరా ‘శాను’ ఉంది. ఆవిడ మొదట రెండూ పాస్ట్‌లోనే రాసింది. ‘ఐ లిస్టెడ్ ఫోర్ హండ్రెడ్’ అంటే జాబితా పని ఎప్పుడో ముగిసినట్టు ఉంటుంది. ‘ఇప్పటికి’ అన్నది నేటి లెక్క, రేపు ఐదు వందలు కావచ్చు, కాబట్టి ‘ఐ హ్యావ్ లిస్టెడ్ ఫోర్ హండ్రెడ్ సో ఫార్’. ఐదోది నిన్నటితో సరి, ‘ఎస్టర్‌డే ఐ చెక్డ్ టూ షెల్వ్స్’. మీకు ఎర్ర గీత పడిన వాక్యాల్లో నాలుగైదు ఇక్కడ పెట్టండి, వాటిని కూడా ఇలాగే ఒక్కొక్కటిగా చూద్దాం.