గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అంటే సిర్రోసిస్‌కు ముందు మెట్టా?

ప్రశ్న: హెల్త్ చెకప్‌లో అల్ట్రాసౌండ్ తీస్తే గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని రాశారు. నాకు నొప్పి గానీ, వేరే ఇబ్బంది గానీ ఏమీ లేవు. గ్రేడ్ 3 దాటితే సిర్రోసిస్సేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

కాదండీ. ఆ గ్రేడ్లు లివర్‌లో కొవ్వు ఎంత కనిపిస్తోందో చెబుతాయి, లివర్ ఎంత దెబ్బతిందో చెప్పవు. దెబ్బను కొలవడానికి వేరే లెక్క ఉంది. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల కొందరు అనవసరంగా భయపడతారు, కొందరు భయపడాల్సిన చోట ధీమాగా ఉండిపోతారు. మా ఇంట్లోనే రెండు రకాల రిపోర్టులు చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు గ్రేడ్ ఎలా వేస్తారో చూడండి. స్కాన్‌లో ఆరోగ్యంగా ఉన్న లివర్, దాని పక్కనే ఉండే కుడి కిడ్నీ దాదాపు ఒకే బూడిద రంగులో కనిపిస్తాయి. కొవ్వు చేరిన లివర్ శబ్ద తరంగాలను ఎక్కువగా వెనక్కి పంపుతుంది కాబట్టి కిడ్నీ కంటే తెల్లగా అవుపిస్తుంది. తెల్లదనం కొద్దిగా పెరిగి, లోపలి రక్తనాళాల గోడలు మాత్రం స్పష్టంగా కనిపిస్తుంటే గ్రేడ్ 1. ఆ గోడలు మసకబారితే గ్రేడ్ 2. తరంగాలు లోతుకు చేరలేక లివర్ వెనక భాగం, దాని పైనుండే డయాఫ్రం గీత కూడా సరిగా కనిపించకపోతే గ్రేడ్ 3. ఇదంతా స్కాన్ చేసే డాక్టర్ కంటితో వేసే అంచనా. అందుకే ఒకే మనిషికి ఒకచోట 1, ఇంకోచోట 2 అని రావడం మామూలే. పొట్ట బాగా ఉన్నవాళ్లలో, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ఈ పోలిక ఇంకా తేడా పడుతుంది. కొవ్వు తక్కువగా ఉంటే స్కాన్‌కు అసలు దొరకకపోవచ్చు కూడా.

ఇక దెబ్బ సంగతి. కొవ్వు చేరిన కొందరిలో లివర్ కణాలు వాచి, దెబ్బతిని, ఆ చోట గట్టి పీచులాంటి మచ్చ ఏర్పడుతుంది. దాన్నే ఫైబ్రోసిస్ అంటారు. దీనికి ఎఫ్0 నుంచి ఎఫ్4 వరకు వేరే మెట్లున్నాయి, సిర్రోసిస్ అంటే అందులో ఎఫ్4. ముందుముందు లివర్ ఎలా ఉంటుందన్నది ఎక్కువగా ఈ మచ్చ మీదే ఆధారపడుతుంది. మామూలు అల్ట్రాసౌండ్‌లో తొలి దశల మచ్చ కనిపించదు. నొప్పి లేదు కదా అన్నది కూడా ఇక్కడ ఆధారం కాదు. లివర్ లోపలి భాగానికి నొప్పి తెలిపే నరాలు లేవు, పైపొర సాగినప్పుడే ఏమైనా తెలుస్తుంది. లక్షణాలు లేకపోవడాన్ని మంచి కబురుగానూ, చెడ్డ కబురుగానూ తీసుకోకండి.

మచ్చ ఉండే అవకాశాన్ని అంచనా వేయడానికి డాక్టర్లు మొదట వాడేది ఫిబ్-4 అనే లెక్క. దీనికి కావాల్సినవన్నీ సాధారణ రక్తపరీక్షల్లోనే ఉంటాయి:

FIB-4 = (Age × AST) ÷ (Platelets × √ALT)

రిపోర్టులో ఎస్‌జీఓటీ అని ఉండేదే ఏఎస్‌టీ, ఎస్‌జీపీటీ అని ఉండేదే ఏఎల్‌టీ. ప్లేట్‌లెట్లు 2,10,000 అని ఉంటే 210 అని వేయాలి. జవాబు 1.3 కంటే తక్కువ వస్తే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే అవకాశం ఎక్కువ. మధ్యలో ఉంటే ఇంకో పరీక్ష కావాలి.

నాకు గ్రేడ్ 2 వచ్చింది. అప్పుడు నా వయసు 46, ఎస్‌జీఓటీ 38, ఎస్‌జీపీటీ 52, ప్లేట్‌లెట్లు 2,10,000. 46ని 38తో గుణిస్తే 1748. 52కి వర్గమూలం సుమారు 7.2, దాన్ని 210తో గుణిస్తే దాదాపు 1514. భాగిస్తే 1.15. రిపోర్టులో ఎస్‌జీపీటీ ఎక్కువని గుర్తు పెట్టి ఉన్నా, గ్రేడ్ 2 అని ఉన్నా, మచ్చ విషయంలో నాది తక్కువ రిస్క్ గుంపే.

మా బావగారికి వచ్చింది గ్రేడ్ 1. వయసు 58, చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. ఎస్‌జీఓటీ 46, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు 1,80,000. చూస్తే ఎస్‌జీఓటీ ఒక్కటే కాస్త ఎక్కువ, మిగతావి మామూలుగానే ఉన్నాయి. గ్రేడ్ వన్నే కదా అని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. లెక్క వేస్తే 2668 ÷ 1080, అంటే 2.47. డాక్టర్ వెంటనే ఫైబ్రోస్కాన్‌కు పంపారు. నొప్పి లేకుండా, చర్మం మీద నుంచే లివర్ గట్టిదనాన్ని కొలిచే పరీక్ష అది. 8 కిలోపాస్కల్స్ కంటే తక్కువైతే ఊరట, ఆయనకు 11 వచ్చింది. ఇప్పుడు లివర్ స్పెషలిస్ట్ చూస్తున్నారు. ఆయన రిపోర్టులో ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీని మించి ఉంది చూశారా, మచ్చ ముదురుతున్నప్పుడు అలా తిరగబడటం ఉంటుంది. ఇంకో సంగతి, మచ్చ బాగా పెరిగాక లివర్‌లో కొవ్వు తగ్గిపోవచ్చు. కాబట్టి గ్రేడ్ 3 కాస్తా 1 అయినంత మాత్రాన, ముఖ్యంగా బరువు ఏమీ తగ్గకుండానే అలా అయితే, బాగుపడిందని అనుకోకూడదు.

ఫిబ్-4కు కూడా హద్దులున్నాయి. 35 ఏళ్ల లోపు వాళ్లకు అది సరిగా పనిచేయదు. 65 దాటితే 1.3 బదులు 2.0ని హద్దుగా తీసుకుంటారు, ఎందుకంటే వయసే అంకెను పెంచేస్తుంది. జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు వేస్తే తప్పుడు జవాబు వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు తక్కువ వచ్చినా డాక్టర్ ఫైబ్రోస్కాన్ అడగొచ్చు, అది అతి జాగ్రత్త కాదు.

మీరు డాక్టర్‌ను కలిసినప్పుడు మద్యం అలవాటు ఉంటే ఎంతో దాచకుండా చెప్పండి. స్టీరాయిడ్లు, మెథోట్రెక్సేట్, టామాక్సిఫెన్ లాంటి మందులు వాడుతుంటే అదీ చెప్పండి, వాటి వల్ల కూడా లివర్‌లో కొవ్వు చేరుతుంది. హెపటైటిస్ బి, సి పరీక్షలు ఎప్పుడూ చేయించుకోకపోతే ఒకసారి చేయించుకోండి. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లకు గుండె జబ్బు ముప్పు కూడా పెద్దదే కాబట్టి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ కూడా అప్పుడే చూపించుకోవాలి.

కొవ్వు తగ్గడానికి గట్టిగా పనిచేసేది బరువు తగ్గడమే. 80 కిలోలున్న మనిషి 4 కిలోలు, అంటే 5 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గుతుంది. మచ్చ కూడా వెనక్కి తగ్గాలంటే 10 శాతం దాకా కావాలి. నెలలో తగ్గిపోవాలని తిండి మానేయకండి, మరీ వేగంగా తగ్గితే లివర్‌కే మంచిది కాదు.

ఫిబ్-4 తక్కువగా వచ్చి షుగర్ లేకపోతే రెండు మూడేళ్లకోసారి, షుగర్ ఉంటే ఏడాది రెండేళ్లకోసారి ఆ లెక్క మళ్లీ వేయించుకుంటే సరిపోతుంది. గ్రేడ్ మారిందేమోనని మూడు నెలలకోసారి స్కాన్ తీయించుకోవాల్సిన పని లేదు. ముందు ఆ చెకప్ ఫైలే తీసి చూడండి, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు అందులోనే ఉండొచ్చు.