బటన్ నొక్కాక ఆ ఆరు ఫ్రేములు ఎక్కడికి పోతున్నాయి?

ప్రశ్న: గోడో ఇంజిన్‌లో చిన్న 2డీ గేమ్ తయారు చేస్తున్నాను. దూకే ముందు వంగే యానిమేషన్, శబ్దం, కెమెరా కుదుపు అన్నీ పెట్టాను. అయినా పాత్ర బరువుగా, ఆలస్యంగా కదులుతున్నట్టు ఉంది. సెలెస్ట్ గేమ్‌లో పాత్ర అంత చక్కగా చేతికి ఎలా లొంగుతుంది?

జవాబు: ముందుగా అనుమానించవలసింది ఆ వంగే యానిమేషన్‌నే. కార్టూన్ చిత్రంలో పాత్ర మోకాళ్లు వంచితే, అది దూకబోతోందని చూసేవారికి తెలుస్తుంది. గేమ్‌లో ఆ నిర్ణయం ఆడేవారిదే కనుక, వారికి ఆ సూచనతో పని లేదు. సెకనుకు 60 ఫ్రేములతో నడిచే గేమ్‌లో వంగడానికి 6 ఫ్రేములు ఇస్తే, పాత్ర నేలను వదలడం 100 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది.

దీన్ని మీరే కొలవవచ్చు. వేలు, తెర రెండూ కనిపించేలా ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ వీడియో తీసి, నొక్కిన క్షణం నుంచి పాత్ర పైకి లేచేవరకు ఫ్రేములు లెక్కపెట్టండి. అవి 38 అనుకుంటే, ఆలస్యం దాదాపు 158 మిల్లీసెకన్లు. వంగడాన్ని తీసేస్తే 14 ఫ్రేములు, అంటే దాదాపు 58 మిల్లీసెకన్లు మిగులుతాయి. అందులో తెర, కంట్రోలర్, ఇంజిన్‌ల వాటా ఉంటుంది కనుక దాన్ని పూర్తిగా తొలగించలేరు.

2018లో వచ్చిన సెలెస్ట్‌లో పాత్రను నడిపే కోడ్‌ను దాని రూపకర్తలే బయటపెట్టారు. అందులో దూకుడు మొదలైన ఫ్రేములోనే పైకి వెళ్లే వేగం వచ్చేస్తుంది. అదే సమయంలో బొమ్మ వెడల్పు 0.6 రెట్లకు తగ్గి, ఎత్తు 1.4 రెట్లకు పెరిగి, గాలిలో ఉండగానే క్రమంగా మామూలు ఆకారానికి వస్తుంది. అంటే యానిమేషన్ కదలికను ఆపకుండా దానితో పాటే సాగుతుంది. అంచు దాటాక 0.1 సెకను లోపు నొక్కినా దూకనిచ్చే వెసులుబాటు కూడా అందులో ఉంది. నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే, ఎందుకంటే అంచు దగ్గర "నొక్కాను కదా" అనుకునే ఆటగాడి మాటను గేమ్ నమ్ముతుంది.

శబ్దం విషయంలో, ఫైల్ మొదట్లో నిశ్శబ్దం ఉందేమో ఆడాసిటీలో తెరిచి చూసి, ఉంటే కత్తిరించండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు సొంతంగా ఆలస్యం చేరుస్తాయి కనుక ఈ పరీక్షను వైరు ఉన్నవాటితో చేయండి.

కెమెరా కుదుపును మామూలు దూకుడుకు అసలు వాడకండి. సెలెస్ట్‌లో డాష్ చేసినప్పుడు, అంటే పాత్ర ఒక దిశలో ఒక్కసారిగా దూసుకెళ్లినప్పుడు, ఆట 0.05 సెకను, అంటే 3 ఫ్రేములు, నిలిచిపోతుంది. తెర డాష్ వెళ్లే దిశలోనే కొద్దిసేపు ఊగుతుంది. దిశ లేని కుదుపు, లేదా ప్రతి అడుగుకీ వచ్చే కుదుపు, పాత్ర ఎక్కడుందో కంటికి అందకుండా చేసి, మీరు తగ్గించిన ఆలస్యాన్ని మళ్లీ తెచ్చినట్టు అనిపిస్తుంది. గోడోలో కుదుపును కెమెరా స్థానానికి కలపకుండా `Camera2D` లోని `offset` కు ఇవ్వండి. లేకపోతే పాత్రను అనుసరించే కోడ్‌తో అది పోటీపడి, కుదుపు ఆగాక కూడా కెమెరా పక్కకు జరిగి ఉండిపోవచ్చు. కుదుపు వల్ల కొందరికి కళ్లు తిరుగుతాయి కనుక దాన్ని ఆపే సెట్టింగ్ తప్పక పెట్టండి.

ఇకపై ప్రతి మార్పునూ మొదట శబ్దం, కుదుపు రెండూ ఆపేసి ఆడి చూడండి. అప్పుడూ బరువుగానే ఉంటే, లోపం కదలిక కోడ్‌లోనే వెతకాలి.