డయాగ్నస్టిక్ ల్యాబ్ అనుభవాన్ని ఎస్‌ఓపీలో ఎలా రాయాలి?

సందేహం: హైదరాబాద్‌లోని ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో తలసీమియా పరీక్షలు చేస్తున్నాను. అమెరికాలో హ్యూమన్ జెనెటిక్స్ ఎంఎస్‌కు దరఖాస్తు చేయాలనుకుంటున్నాను. నా ఎస్‌ఓపీ చూసి చెప్పగలరా?

సమాధానం: మీ ముసాయిదాలో సగం పేజీ యంత్రాల పేర్లకే పోయింది. అవి రెజ్యూమేలో ఎలాగూ ఉంటాయి. ప్రొఫెసర్లు ఎస్‌ఓపీలో వెతికేది, చేతికి వచ్చిన ఫలితాన్ని మీరు ఎంతవరకు ప్రశ్నించారన్నది. అందుకు ఒక్క కేసు చాలు.

ఉదాహరణకు, ఒక గర్భిణి రక్తంలో ఎర్రకణాలు చిన్నవిగా ఉన్నాయి, హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో హెచ్‌బీ ఏ2 అనే హిమోగ్లోబిన్ రకం 3.4 శాతం వచ్చింది అనుకుందాం. సాధారణంగా 3.5 దాటితే బీటా తలసీమియా క్యారియర్‌గా అనుమానిస్తారు కనుక, ఈ రిపోర్టును నార్మల్ అని పంపేయడం తేలిక. అయితే ఐరన్ లోపం ఉన్నప్పుడు ఈ విలువ తగ్గి కనిపించవచ్చు. ఐరన్ ఇచ్చి మళ్లీ పరీక్షిద్దామంటే గర్భం ఆగదు కాబట్టి వెంటనే భర్తను పరీక్షించారు. ఆయన క్యారియర్ అని తేలింది. అప్పుడు ఆమె నమూనాను మన దేశంలో తరచుగా కనిపించే ఐదు జన్యుమార్పులకు పరీక్షిస్తే ఒక్కటీ దొరకలేదు. ఆ ఐదూ లేవన్నంత మాత్రాన ఆమె క్యారియర్ కాదని చెప్పలేం. బీటా గ్లోబిన్ జన్యువును సీక్వెన్సింగ్ చేయించాక, హెచ్‌బీ ఏ2ను పెద్దగా పెంచని 'క్యాప్ ప్లస్ వన్' మార్పు బయటపడింది.

ఇలాంటి కేసు మీకు ఎదురై ఉంటే, అందులో మీరు స్వయంగా చేసినదేమిటో, సీనియర్ తేల్చినదేమిటో విడదీసి రాయండి. కంట్రోల్ నడిపి, గ్రాఫ్‌లో శిఖరాలు సరిగా విడిపోయాయో లేదో చూసి, సరిహద్దు విలువను పైవారి దృష్టికి తెచ్చింది మీరైతే, ఆ మాటే చెప్పండి. సీక్వెన్స్‌ను విశ్లేషించింది మీరు కాకపోతే, దాన్ని మీ ఖాతాలో వేసుకోవద్దు, ఎందుకంటే సిఫారసు లేఖ రాసేది ఆ సీనియరే కావచ్చు. ఒక జన్యుమార్పు హానికరమో కాదో ఏ ఆధారాలతో నిర్ణయిస్తారన్నది మీకు ల్యాబ్‌లో అంతుచిక్కని ప్రశ్న అయితే, దానికి జవాబు వెతికే కోర్సులనూ అధ్యాపకుల పరిశోధననూ అక్కడే ప్రస్తావించండి. అలా చేస్తే "మీ విశ్వవిద్యాలయం ప్రపంచ ప్రసిద్ధి చెందినది" అన్న పేరా అవసరం ఉండదు.

రోగి ఊరు, తేదీ, ఇంటిపేరు తీసేయండి. మేనరికం ప్రస్తావన కూడా కేసుకు అవసరమైతేనే ఉంచండి.

మీ చివరి పేరాలో "కుటుంబాలకు కౌన్సెలింగ్ ఇవ్వాలని ఉంది" అని రాశారు. అమెరికాలో జెనెటిక్ కౌన్సెలర్ల సర్టిఫికేషన్ పరీక్ష రాయాలంటే అందుకు ప్రత్యేక గుర్తింపు పొందిన మాస్టర్స్ చేయాలి. హ్యూమన్ జెనెటిక్స్ ఎంఎస్ మామూలుగా పరిశోధన వైపు సాగుతుంది. ఆ వాక్యాన్ని ఇలాగే వదిలేస్తే, వేరే కోర్సుకు వెళ్లాల్సిన దరఖాస్తు తమకు వచ్చిందని కమిటీ అనుకుంటుంది. కనుక ముందు ఆ రెండింటిలో మీకు ఏది కావాలో తేల్చుకుని, ఆ తర్వాతే ముసాయిదాను తిరగరాయండి.