ఆలస్యంగా వస్తున్నానని షోకాజ్ నోటీసు ఇచ్చారు, జవాబు ఎలా రాయాలి?

"మూడేళ్లుగా ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నాను. రెండు నెలల్లో తొమ్మిదిసార్లు లేటుగా వచ్చానని షోకాజ్ నోటీసు ఇచ్చారు. మూడు రోజుల్లో జవాబివ్వాలట. లేటుగా వచ్చిన మాట నిజమే. అలాగని రాస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది, కారణాలు రాస్తే సాకులు చెబుతున్నట్టుంటుంది. ఏం రాయాలో తెలియడం లేదు."

నాకూ ఒకప్పుడు ఇలాంటి నోటీసే ఇచ్చారు, అందులో పదకొండు తేదీలు ఉన్నాయి. పాశమైలారంలో ఒక మందుల కంపెనీ స్టోర్స్‌లో పని చేసేవాణ్ణి. డ్యూటీ తొమ్మిదికి, పది నిమిషాలు గ్రేస్. నోటీసు చేతికొచ్చిన రాత్రి కూర్చుని రెండు పేజీలు రాశాను. ట్రాఫిక్ గురించి ఒక పేరా, సాయంత్రం ఏడు దాకా ఉండి పని చేస్తున్నానని ఇంకో పేరా, ఫలానా సెక్షన్‌లో రోజూ లేటుగా వచ్చేవాళ్లను ఎవరూ అడగరని మరో పేరా. చివర్లో "ఇకపై ఒక్క రోజు కూడా ఆలస్యంగా రానని హామీ ఇస్తున్నాను" అని ముగించాను.

మా పెద్దబావ ఒక ప్రభుత్వరంగ సంస్థలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఇలాంటి ఫైళ్లు ఎన్ని చూశాడో. నా కాగితం చదివి అడిగింది ఒకటే: "ఏమయ్యా, వాళ్లు పదకొండు తేదీలు రాశారు కదా, నీ రెండు పేజీల్లో ఒక్క తేదీ అయినా ఉందా?" లేదు. ట్రాఫిక్ అంటావు, మరి మిగతా రోజుల్లో ట్రాఫిక్ లేదా అన్నాడు. పక్కవాళ్ల సంగతి రాస్తే నీ మీద ఉన్న ఆరోపణకు జవాబు రాదు, శత్రువులు మాత్రం పెరుగుతారన్నాడు. సాయంత్రం ఎక్కువసేపు ఉండటం మంచిదే కానీ వాళ్లు అడిగింది పొద్దున్న సంగతి. ఇక ఆ చివరి హామీ గురించి, "వచ్చే నెల ఒక్క రోజు లేటయితే ఈ కాగితమే తీసి నీ ముందు పెడతారు" అన్నాడు.

మర్నాడు టైమ్ ఆఫీసుకు వెళ్లి ఆ రెండు నెలల పంచింగ్ రికార్డు ప్రింటు అడిగాను. అడిగితే ఇచ్చారు. మీరు కూడా ముందు ఆ పని చేయండి. నోటీసులో తేదీలు మాత్రమే ఉంటాయి, రికార్డులో నిమిషాలు ఉంటాయి. నావి చూస్తే 9:38, 9:41, 9:52 ఇలా ఉన్నాయి. పావుగంట లేటు అన్నది ఒక్కటీ లేదు. వస్తే టైముకి, లేదంటే ముప్పావుగంట లేటు. ఎందుకంటే కూకట్‌పల్లిలో కంపెనీ బస్సు 7:45కి బయల్దేరుతుంది. అది అయిదు నిమిషాల తేడాతో పోయిందంటే ఆర్టీసీ బస్సులో పటాన్‌చెరు దాకా వెళ్లి, అక్కణ్ణుంచి షేర్ ఆటో పట్టుకోవాలి.

తర్వాత ఆ తేదీలను ఇంట్లో గోడకున్న క్యాలెండర్ మీద గుర్తుపెట్టాను. అమ్మకు పక్షవాతం వచ్చి మంచంలో ఉండేది. నా భార్య స్టాఫ్ నర్సు, మూడు వారాలకొకసారి నైట్ డ్యూటీ పడేది. తను ఇంటికొచ్చేసరికి పొద్దున్న 8:40. ఆ వారాల్లో ఆయా 7:15కి వస్తేనే నేను కదలాలి, ఆమె ఒక్కోసారి 7:50కి వచ్చేది. పదకొండులో ఏడు తేదీలు సరిగ్గా ఆ నైట్ డ్యూటీ వారాల్లోనే పడ్డాయి. నిజం చెప్పాలంటే రెండు నెలలూ ఆలస్యం చేసిన నాకే ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

ఇంకొక తేదీ తప్పు. ఆ రోజు నేను ఆన్ డ్యూటీ మీద వేరే గోడౌన్‌కు వెళ్లాను, ఓడీ స్లిప్ నా దగ్గరే ఉంది, అది టైమ్ ఆఫీసుకు చేరలేదు. మిగిలినవి మూడు. వాటికి కారణం లేదు. ఒకరోజు రాత్రి మ్యాచ్ చూసి నిద్ర లేవలేదు, మిగతా రెండు రోజులూ ఊరికే లేవలేదు. ఆ మూడింటినీ కూడా అమ్మ ఖాతాలో వేసేద్దామా అని చాలాసేపు ఆలోచించాను. బావ వద్దన్నాడు. "మీ ఆవిడ డ్యూటీ చార్టు తెమ్మంటే ఏం చేస్తావు? ఆ మూడు దొరికితే ఆ ఏడు కూడా అబద్ధమే అనుకుంటారు."

మీ భయం గురించి ఒక మాట. మీరు వచ్చిన టైము పంచింగ్ మెషీన్‌లో ఉంది. దాన్ని ఒప్పుకోవడం వల్ల కొత్తగా పోయేదేమీ లేదు, కాదంటేనే నష్టం. జాగ్రత్తపడాల్సింది నోటీసులో ఉన్న విశేషణాల దగ్గర. "ఉద్దేశపూర్వకంగా", "అలవాటుగా", "నిర్లక్ష్యంతో" అని ఉంటాయి. ఇవి ఊరికే రాసే మాటలు కావు. పరిశ్రమల్లో ఉద్యోగ నియమాల కోసం చేసిన 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్స్ నిబంధనల నమూనాలోనే అలవాటుగా ఆలస్యంగా రావడాన్ని దుష్ప్రవర్తన కింద చేర్చారు, చాలా కంపెనీల రూల్సు ఆ నమూనా చూసి రాసుకున్నవే. మీ జవాబు పర్సనల్ ఫైల్లో ఉండిపోతుంది. కాబట్టి టైమును ఒప్పుకోండి, ఉద్దేశాన్ని ఒప్పుకోకండి. "నేను చేసిన దుష్ప్రవర్తనకు క్షమించండి" అని అతివినయంతో రాసేవాళ్లుంటారు. ఆ ఒక్క వాక్యంతో వాళ్లు రుజువు చేయాల్సింది మీరే రుజువు చేసి ఇచ్చినట్టు.

నేను చివరికి ఇచ్చింది ఇది. ఇంగ్లీషులో ఇచ్చాను, తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

మేనేజర్, హెచ్‌ఆర్ గారికి,

విషయం: ఆలస్యపు హాజరుపై ఇచ్చిన షోకాజ్ నోటీసుకు సంజాయిషీ.
సూచిక: మీ నోటీసు నంబరు, తేదీ.

పై నోటీసు నాకు జులై 29న అందింది. అందులోని పదకొండు తేదీలను పంచింగ్ రికార్డుతో సరిచూసుకున్నాను. పది రోజులు నేను ఆలస్యంగా వచ్చిన మాట వాస్తవం. జులై 10న మాత్రం మా సెక్షన్ ఇన్‌ఛార్జి గారి అనుమతితో గోడౌన్‌కు ఆన్ డ్యూటీ మీద వెళ్లాను. ఓడీ స్లిప్ నకలు జతచేశాను, పరిశీలించగలరు.

జూన్ 4, 5, 7, 25, 27, జులై 16, 18 తేదీల్లో నా భార్యకు నైట్ డ్యూటీ. మంచాన ఉన్న మా అమ్మను చూసుకునే ఆయా వచ్చేవరకు నేను ఇంట్లో ఉండాల్సి వచ్చి, కంపెనీ బస్సు అందుకోలేకపోయాను. ఈ ఇబ్బందిని నేను ముందే మీ దృష్టికి తేవలసింది, తేలేదు. అది నా పొరపాటు. జూన్ 13, జులై 3, 23 తేదీల ఆలస్యానికి చెప్పదగ్గ కారణం లేదు. ఆ రోజుల్లో నేను సమయానికి బయల్దేరలేదు.

జూన్ నెలాఖరులో మా ఇన్‌ఛార్జి గారు నన్ను మౌఖికంగా హెచ్చరించారు. ఆ తర్వాత కూడా ఆలస్యాలు జరిగాయి. నేను రావడం ఆలస్యమైన రోజుల్లో ముడిసరుకు ఇష్యూ చేసే పని తోటి ఉద్యోగి మీద పడిందని నాకు తెలుసు. అయితే ఇది ఉద్దేశపూర్వకంగా చేసింది కాదని మనవి.

నోటీసు అందిన మర్నాటి నుంచి ఆయా ఉదయం 6:45కే వచ్చేలా ఏర్పాటు చేసుకున్నాను. నా భార్య రాబోయే నెల డ్యూటీ చార్టు నకలు జతచేశాను. ఎప్పుడైనా బస్సు తప్పిపోతే 8 గంటలలోపే ఇన్‌ఛార్జి గారికి ఫోన్ చేసి చెబుతాను.

పై విషయాలను సానుభూతితో పరిశీలించి, తదుపరి చర్యను విరమించవలసిందిగా కోరుతున్నాను.

అంతే, ఒక పేజీ. ఇందులో బావ పట్టుబట్టి రాయించింది రెండు. ఒకటి ఆ మౌఖిక హెచ్చరిక సంగతి. నోటీసులో దాని ప్రస్తావన ఉంది, నేను దాటేద్దామనుకున్నాను. దాటేస్తే వాళ్ల కన్ను మొదట పడేది అక్కడే. రెండోది తోటి ఉద్యోగి మీద భారం పడిందన్న వాక్యం. తొమ్మిదికి ప్రొడక్షన్ వాళ్లు ముడిసరుకు కావాలని రాసిన ఇండెంట్ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడతారు. నేను లేకపోతే నా పక్క సీటు కుర్రాడు తన పని వదిలేసి తాళాలు తీసేవాడు. ఆ వాక్యం రాయడానికి మాత్రం నాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది, రాయడానికి మనసొప్పడానికే టైము పట్టింది.

ఆయాకు నెలకు 1,500 ఎక్కువ ఇవ్వాల్సి వచ్చింది. జవాబు ఇచ్చేలోపే ఆ ఏర్పాటు చేసుకోవడం వల్ల "చేస్తాను" అనకుండా "చేశాను" అని రాయగలిగాను. మీ కారణం ఏదైనా, ఈ మూడు రోజుల్లో దానికి చేయగలిగింది ఏదో ఒకటి చేసి, అదే రాయండి. ఏమీ చేయలేని కారణమైతే, డ్యూటీ టైము అరగంట జరపమని అడగొచ్చు, కానీ విడిగా ఇంకో దరఖాస్తుగా అడగండి. సంజాయిషీలో కలిపితే బేరమాడుతున్నట్టుంటుంది. అనారోగ్యమైతే అవసరమైనంత వరకే చెప్పి సర్టిఫికెట్ జతచేయండి. రోగం చరిత్రంతా అక్కర్లేదు.

పిలిచి మాట్లాడినప్పుడు హెచ్‌ఆర్ మేనేజర్ మొదట వేలు పెట్టింది ఆ మూడు తేదీల మీదే. "కారణం లేదని రాశారేమిటి?" అన్నాడు. లేదు సార్, నిద్ర లేవలేదు అన్నాను. కాసేపు కాగితం వంక చూసి, మిగతా ఏడింటి గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. జులై 10 తీసేశారు. మిగతా పదికి రాతపూర్వక హెచ్చరిక ఇచ్చి ఫైల్లో పెట్టారు. పూర్తిగా వదిలేశారని చెప్పను. కోసిన జీతమూ తిరిగి రాలేదు. కానీ ఛార్జిషీటు, ఎంక్వైరీ దాకా పోలేదు. తర్వాతి నాలుగు నెలల్లో రెండుసార్లు లేటయ్యాను, రెండుసార్లూ ఎనిమిదిలోపు ఫోన్ చేశాను.

మీ నోటీసులో "ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించకూడదు" అనే మాట ఉన్నా, ఇంతకుముందే ఎంక్వైరీ జరిగి ఉన్నా ఈ పద్ధతి సరిపోదు. ముందు లేబర్ కేసులు చూసే లాయరుకు చూపించి ఆ తర్వాతే సంతకం పెట్టండి. రికార్డు ఇవ్వడం ఆలస్యం చేస్తే, గడువు ముగిసేలోపే ఇంకో మూడు రోజులు కావాలని రాతలో అడగండి, నోటిమాటగా కాదు. జవాబు రెండు కాపీలు తీసి, రెండో దాని మీద తేదీతో సహా అందినట్టు సంతకం, స్టాంపు వేయించుకోండి. మా ఆఫీసులో స్టాంపు లేదు రేపు రమ్మన్నారు. నేను అక్కడే నిలబడి అదే కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసి, కంపెనీ మెయిల్ నుంచి హెచ్‌ఆర్‌కు పంపాను. అప్పుడు స్టాంపు దొరికింది.