జీతం ఆగితే నెలలు కాదు, బాకీ చూడండి

"చిన్న కంపెనీలో చేస్తున్నాను. మూడు నెలలుగా జీతం సరిగ్గా రావడం లేదు. అడిగితే ఓనర్ రేపు మాపు అంటున్నాడు. ఇంకా ఎన్నాళ్లు చూడొచ్చు?"

మీ ఓనర్ మంచివాడా కాదా అన్నది పక్కన పెట్టండి. మా ఓనరూ మంచివాడే. బొబ్బిలి గ్రోత్ సెంటర్లో చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్, ఎక్కువగా ఫెర్రో ఎల్లాయ్స్ ఫ్యాక్టరీల పనే. నేను స్టోర్సు, అకౌంట్సు చూసేవాణ్ణి, జీతం 18 వేలు. ఫెర్రో ఎల్లాయ్స్‌కి కరెంటే పెద్ద ఖర్చు. ఛార్జీలు పెరిగితే వాళ్లు ఫర్నేసులు ఆపుతారు, మా బిల్లులు ఆగుతాయి, ఆ వెంటనే మా జీతాలు. ఈ సంగతి అందరికీ తెలుసు కాబట్టి మొదట్లో ఎవరం నోరెత్తలేదు.

మొదటి నెల 8 వేలు ఇచ్చి "ఖర్చులకి ఉంచు తమ్ముడూ" అన్నాడు. తర్వాత 5 వేలు, మళ్లీ 5 వేలు. ఎంతో కొంత చేతిలో పడుతుంటే మనకీ ఆశ చావదు. సిరిమాను పండక్కి మొత్తం ఇచ్చేస్తానని పైడితల్లమ్మ మీద ఒట్టేసి మరీ చెప్పాడు.

పండక్కి ముందు స్టీలు లారీ వచ్చింది. ఆ షాపు వాళ్లు ఎప్పుడూ అప్పు మీదే సరుకు పంపేవాళ్లు, బిల్లు మీద సంతకం పెడితే చాలు. ఆ రోజు డ్రైవర్ తాడు ముడి మీద చెయ్యేసి నిలబడ్డాడు. "డబ్బులు చేతిలో పడితేగానీ ఇప్పొద్దన్నారు బాబూ మా సావుకారు" అన్నాడు. ఓనర్ కాసేపు ఫోన్లో అరిచి, చివరికి సొరుగులోంచి 500 నోట్ల కట్టలు తీసి లెక్కపెట్టి ఇచ్చాడు. మా ఫిట్టర్ మామయ్య నా పక్కనే నిల్చుని అంతా చూశాడు. "డబ్బులు నేవన్నాడు, అవేటి మరి?" అన్నాడు మెల్లగా.

డబ్బు లేక ఎవరూ జీతం ఆపరు, నన్నడిగితే. ఇవ్వకపోతే పని ఆపేసేవాళ్లకి ముందు వెళ్తుంది. కరెంటు బిల్లు కట్టకపోతే ఫీజు పీకేస్తారు, స్టీలు షాపు లోడు దింపదు. ఆఫీసు స్టాఫ్ మాత్రం పొద్దున్నే తొమ్మిదింటికి వచ్చి కూర్చుంటారు. "మనం ఫ్యామిలీ లాంటివాళ్లం" అనే మాట స్టీలు షాపు వాళ్లతో ఏ ఓనరూ అనగా నేను వినలేదు.

ఆ సాయంత్రమే నా పీఎఫ్ పాస్‌బుక్ తెరిచాను. ప్రతి నెలా పీఎఫ్‌ని కంపెనీ తర్వాతి నెల 15లోగా కట్టాలి. పే స్లిప్పులో 1,800 కట్ చేసినట్టే ఉంది, పాస్‌బుక్‌లో మాత్రం జీతాలు ఆలస్యం కాకముందు నుంచే ఎంట్రీలు లేవు. మీ కంపెనీలో పీఎఫ్ ఉంటే ఈ పూటే చూసుకోండి. జీతం లేటైనా పీఎఫ్ పడుతుంటే, బాకీ నెలనెలా కొంతైనా తగ్గుతుంటే ఇంకో నెల చూడొచ్చు. మన జీతంలోంచి కోసిన డబ్బు కూడా వాడేసుకున్నారంటే మాత్రం ఇంక చూడ్డానికేం లేదు.

నాలుగో నెల ఏమీ రాలేదు. 72 వేలు రావాల్సిన చోట 18 వేలు వచ్చాయి, బాకీ 54 వేలు. అంటే నాలుగు నెలలు చేసి ఒక్క నెల జీతం తీసుకున్నాను. ఇంట్లోవాళ్లేమో "ఇప్పుడు మానేస్తే ఆ బాకీ కూడా రాదు" అని ఒకటే గోల. ఉంటే మాత్రం వస్తుందా? ఉన్నకొద్దీ ఇంకో 18 వేలు కలుస్తుంది, అంతే.

మానేసే ముందు మాత్రం ఒక పని చేశాను. ఏ నెలకి ఎంత రావాలి, ఎంత వచ్చింది అని వరసగా రాసి వాట్సాప్‌లో ఓనర్‌కి పంపి, "లెక్క సరిగ్గా ఉందా అన్నా?" అని అడిగాను. "ఉంది తమ్ముడూ, 15కి సర్దుతా" అని రిప్లై ఇచ్చాడు. నాకు కావాల్సింది ఆ రిప్లైయే. గొడవయ్యాక అడిగితే ఎవరూ అలా ఒప్పుకోరు. బ్యాంకు స్టేట్‌మెంటు, పే స్లిప్పులు, హాజరు రికార్డు ఫొటోలు కూడా అప్పుడే తీసి పెట్టుకున్నాను.

రాజీనామా ఇచ్చాక 10 వేలు చేతిలో పెట్టి "ఫుల్ అండ్ ఫైనల్" కాగితం ముందుకు తోశాడు. సంతకం పెట్టలేదు, 10 వేలు ముట్టినట్టు మాత్రమే రాసిచ్చాను. మిగతా దానికి ఆ వాట్సాప్ ప్రింటు పెట్టి లేబర్ ఆఫీసులో అర్జీ ఇచ్చాను, పీఎఫ్‌కి విడిగా ఈపీఎఫ్ఓ సైట్లో ఫిర్యాదు పెట్టాను. లేబర్ ఆఫీసు నుంచి పిలుపు రాగానే ఆయన మూడు వాయిదాల్లో 30 వేలు ఇచ్చాడు. ఇంకా 14 వేలు రావాలి, అర్జీ నడుస్తోంది.

ఇప్పుడు మీకు చట్టం ఇంకా అనుకూలం. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం తర్వాతి నెల 7లోగా ఇవ్వాలి, మానేసినవాళ్లకి రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి, బాకీ కోసం మూడేళ్ల వరకు క్లెయిమ్ వేయొచ్చు. రెండు రోజుల్లో మీ ఓనర్ ఇచ్చేస్తాడని నేననడం లేదు. ముందు ఆ వాట్సాప్ మెసేజ్ పెట్టండి, ఇవాళ ఆయన ఇంకా మిమ్మల్ని తమ్ముడూ అంటున్నప్పుడే.