పిల్లరుకు 30 కిలోలా, 42 కిలోలా? తేడా ఎక్కడుందో చూద్దాం

ప్రశ్న: కడపలో ఇల్లు కట్టుకుంటున్నాం. ఫస్ట్ ఫ్లోర్ పిల్లర్లు 9×15 అంగుళాలు. మూలలకు 16 ఎంఎం నాలుగు, మధ్యలో 12 ఎంఎం రెండు, 8 ఎంఎం రింగులు 6 అంగుళాలకొకటి. స్లాబు నుంచి స్లాబుకు 10 అడుగులు, పైన ఇంకో ఫ్లోర్ కూడా వేస్తాం. ఇట్లాంటి పిల్లర్లు 12 ఉన్నాయి. మేస్త్రి ఒక్కోదానికి 30 కిలోలు చాలంటాడు, ఇంజనీరు 42 అంటాడు. ఎవరి మాట వినాలి? అన్నీ 12 ఎంఎం రాడ్లే వేస్తే సరిపోదా?

జవాబు:

అన్నా, మీ ఇంజనీరు లెక్కే సరైనది. అయితే మేస్త్రి చెప్పిన 30 కూడా గాల్లోంచి వచ్చింది కాదు. అది ఎట్లా వచ్చిందో తెలిస్తే మిగతా 12 కిలోలు ఎక్కడికి పోయాయో మీకే కనబడుతుంది. ఆరేళ్ల కింద నేను మా ఇంటికి అచ్చం ఇదే తప్పు చేశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందు మీటరు బరువు. రాడ్డు సైజును ఎంఎంలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. స్టీలు ఘనపు మీటరుకు 7,850 కిలోలు తూగుతుంది, ఆ 162 దాన్నుంచే వచ్చింది. 16 ఎంఎంకు 1.58, 12 ఎంఎంకు 0.889, 8 ఎంఎంకు 0.395 కిలోలు. ఈ మూడు అంకెలు మీ ఫోన్‌లో రాసిపెట్టుకుంటే చాలు.

మేస్త్రి లెక్క ఇట్లా ఉండొచ్చు. ఎత్తు 10 అడుగులు, అంటే 3.05 మీటర్లు. 16 ఎంఎం నాలుగు రాడ్లకు 19.3 కిలోలు, 12 ఎంఎం రెండింటికి 5.4, కలిపి 24.7. రింగు చుట్టుకొలత 36 అంగుళాలు, అంటే 0.9 మీటరు. 8 అంగుళాలకొకటి వేస్తే 15 రింగులు, 5.3 కిలోలు. మొత్తం సరిగ్గా 30. ఈ లెక్కలో ల్యాపు లేదు, రింగుకు హుక్కు లేదు, 6 అంగుళాల దూరం 8 అయింది, మధ్య రాడ్లను పట్టుకునే లింకు అసలే లేదు.

అన్నిటికంటే పెద్దది ల్యాపు. పై ఫ్లోర్ రాడ్లు కింది రాడ్లను పక్కనే తగులుకుని కొంత దూరం కలిసి నడవాలి. ఆ దూరం డ్రాయింగులో మామూలుగా రాడ్డు సైజుకు 50 రెట్లు అని రాస్తారు. మీదాంట్లో వేరే అంకె ఉంటే అదే తీసుకోండి. 50 రెట్లంటే 16 ఎంఎంకు 80 సెంటీమీటర్లు, 12 ఎంఎంకు 60. కాబట్టి 16 ఎంఎం ముక్క 3.05 మీటర్లు కాదు, 3.85. 12 ఎంఎం ముక్క 3.65. నాలుగు ముక్కలకు 24.3 కిలోలు, రెండింటికి 6.5, కలిపి 30.8. నిలువు రాడ్లకే మేస్త్రి చెప్పిన 30 దాటిపోయింది చూడండి. ల్యాపు ఒక్కటే 6.1 కిలోలు.

నేను పోగొట్టుకున్నది ఇక్కడే. ఎత్తును రాడ్ల సంఖ్యతో గుణించి సరుకు దింపించాను. గ్రౌండ్ ఫ్లోర్ పిల్లర్లు కట్టుకుంటూ వచ్చారు, చివరి మూడింటికి వచ్చేసరికి రాడ్డు చాల్లేదు. ఆదివారం, షాపు మూసేశారు. మరుసటి రోజు కాంక్రీటుకు మిక్సర్ మాట్లాడేశాం. కట్టేవాళ్లు ఉన్న ముక్కల్నే సర్ది, పైకి కొంచెం వదిలి నిలబెట్టారు. మా ఇంజనీరు వచ్చి స్లాబు మట్టం నుంచి టేపు పెట్టి కొలిచాడు. 14 అంగుళాలు వచ్చింది, రావాల్సింది 31న్నర. రేపు పై రాడ్డు ఈ జానెడున్నర ఇనుమును పట్టుకుని నిలబడాలా అని అడిగాడు. మిక్సర్ ఆపేశాం, రెండు రోజుల కూలి పోయింది, టెన్షన్ వేరే. ఆ మూడు పిల్లర్లకు కొత్త రాడ్లు తెచ్చి మళ్లీ కట్టించాం. ఆ రోజు ఆయన కొలవకపోతే ఆ తప్పు పై ఫ్లోర్ కట్టేటప్పుడు గానీ బయటపడేది కాదు, అప్పటికి చేసేదేమీ ఉండదు.

ఇక రింగులు. పిల్లరుకు నాలుగు వైపులా రింగు బయట 40 ఎంఎం కాంక్రీటు ఉండేలా కవరు వదలాలి. 9×15 అంగుళాలంటే 230×380 ఎంఎం. 230 ఎంఎంలో రెండు వైపులా 40 తీస్తే 150, 380లో తీస్తే 300. రింగు బయటి కొలత 150×300, అంటే 6×12 అంగుళాలు. చుట్టుకొలత 900 ఎంఎం. అయితే రెండు చివర్లూ 135 డిగ్రీలు లోపలికి వంగి, వంపు తర్వాత 65 ఎంఎం తిన్నగా కాంక్రీటు నడిబొడ్డులోకి పోవాలి. దానికి పట్టే రాడ్డు కలిపి, మూల వంపుల్లో తగ్గేది తీసేస్తే, కోత పొడవు 1.03 మీటర్లు, సుమారు 40న్నర అంగుళాలు వస్తుంది. ఒక్కో రింగు 0.407 కిలో. 3.05 మీటర్లను 0.15తో భాగిస్తే 20.3, అంటే 21 రింగులు. 8.55 కిలోలు.

రింగు సైజు విషయంలో ఒక్క మాట. కొందరు 7×13 అంగుళాల రింగు చేసేసి, కవరు బ్లాకుల బదులు కడప బండ ముక్కలు పెట్టి సెంట్రింగు బిగిస్తారు. ఆ రింగు బరువెక్కువే గానీ దానికి కవరు ఒక అంగుళమే మిగులుతుంది. రింగు కొలిచేటప్పుడు బయటి నుంచి బయటికి కొలవండి, 6×12 దాటకూడదు.

మధ్యలో ఉన్న రెండు 12 ఎంఎం రాడ్లకు 15 అంగుళాల వైపున మూలల ఆసరా దొరకదు. రింగు వాటి పక్కనుంచి తిన్నగా పోతుంది, అంతే. బరువు మీద పడినప్పుడు అవి బయటికి ఉబ్బకుండా ఈ రాడ్డు నుంచి ఆ రాడ్డుకు అడ్డంగా ఒక లింకు కావాలి, రెండు చివర్లూ హుక్కులతో. దాని కోత పొడవు 33 సెంటీమీటర్లు, బరువు 0.13 కిలో. ప్రతి రింగు దగ్గరా ఒకటి వేస్తే 21కి 2.74 కిలోలు. మేస్త్రులు ఎక్కువగా వదిలేసేది దీన్నే.

మొత్తం చూడండి: నిలువు రాడ్లు 30.8, రింగులు 8.55, లింకులు 2.74. సుమారు 42.1 కిలోలు. మీ ఇంజనీరు చెప్పిందదే. డ్రాయింగులో ల్యాపు ఉన్నంత మేర రింగులు 4 అంగుళాలకొకటి అని ఉంటే ఇంకో మూడు రింగులు, మూడు లింకులు పెరుగుతాయి, మరో 1.6 కిలోలు. ల్యాపును స్లాబు పక్కనే కాకుండా పిల్లరు నడిమధ్యలో పెట్టమని రాసినా నిలువు రాడ్ల బరువు మారదు, ముక్క పొడవు అంతే ఉంటుంది. పైన ఫ్లోర్ లేనివాళ్లయితే ల్యాపు తీసేయొచ్చు, కానీ రాడ్డు పైచివర బీములోకి వంచి నిలపడానికి పట్టేదాన్ని మళ్లీ కలుపుకోవాలి.

12 పిల్లర్లకు కొనేటప్పుడు 42.1ని 12తో గుణించి 505 కిలోలు అని చెప్పకండి. రాడ్లు 12 మీటర్ల పొడవులో వస్తాయి, మిగిలే ముక్కలు కూడా మీరు డబ్బు పెట్టినవే. 16 ఎంఎంలో ఒక రాడ్డుకు 3.85 మీటర్ల ముక్కలు మూడు వస్తాయి, 45 సెంటీమీటర్లు మిగులుతుంది. 48 ముక్కలకు 16 రాడ్లు, 303 కిలోలు. 12 ఎంఎంలో కూడా రాడ్డుకు మూడే, 24 ముక్కలకు 8 రాడ్లు, 85 కిలోలు. 8 ఎంఎం దగ్గర మీ కొలతలు బాగా కలిసొచ్చాయి: ఒక రాడ్డులో 11 రింగులు తీస్తే మిగిలిన ముక్కలో సరిగ్గా రెండు లింకులు వస్తాయి. 252 రింగులకు 23 రాడ్లు, వాటిలోనే 46 లింకులు. మిగతా 206 లింకులకు ఇంకో 6 రాడ్లు. మొత్తం 29 రాడ్లు, 137 కిలోల పైచిలుకు. అన్నీ కలిపితే 526 కిలోలు. బైండింగ్ వైరు వేరే, దీనికి 5 కిలోల చుట్ట ఒకటి చాలు.

దిగేటప్పుడు రాడ్లు లెక్కపెట్టుకోవడం, కాటా చీటీ చూడడం రెండూ చేయండి. అనుమానం వస్తే సరిగ్గా మీటరు ముక్క కోసి కిరాణా కొట్టు కాటాలో పెట్టండి. 16 ఎంఎం మీటరు 1.58 కిలోలు ఉండాలి. ఒక్కో ముక్కకు 6 శాతం వరకు తక్కువ ఉండొచ్చని ఐఎస్ 1786 ఒప్పుకుంటుంది, అంటే 1 కిలో 485 గ్రాములకు కిందికి పోతే వద్దనండి. 8 ఎంఎంకు 8 శాతం వరకు, అంటే 363 గ్రాములకు తగ్గకూడదు.

ఇక అన్నీ 12 ఎంఎం వేస్తే అనే మాట. ఆరు 12 ఎంఎం రాడ్ల అడ్డకోత 679 చదరపు మిల్లీమీటర్లు. మీ పిల్లరు అడ్డకోత 87,400. అది 0.78 శాతం. ఐఎస్ 456 పిల్లరులో కనీసం 0.8 శాతం నిలువు స్టీలు ఉండాలంటుంది, అంటే 699. కొద్దిలోనే అయినా తగ్గింది తగ్గినట్టే. పైగా అది కనీసం మాత్రమే. మీ ఇంజనీరు పైనున్న ఫ్లోర్ల బరువు చూసి 16 వేశాడు, దాంతో 1.18 శాతం వచ్చింది. మార్చితే మిగిలేది పిల్లరుకు 11 కిలోలు. దానికోసం ఆయన్ను అడగకుండా డ్రాయింగు మార్చొద్దు, నా మాట వినండి.

సెంట్రింగు బాక్సు మూసేముందు ఒక్కో పిల్లరు దగ్గర నిలబడి కింది నుంచి పైకి రింగులు లెక్కపెట్టండి. 21 రావాలి, పక్కనే 21 లింకులు. నేను చూసిన ఇళ్లలో ఎక్కువగా 18 దగ్గర ఆగిపోతాయి. లేనివి పైన బీము లోతులో ఉండాల్సిన మూడు. బీము రాడ్లు దూర్చడానికి అడ్డమొస్తాయని ముందు పైకి తోసి, తర్వాత దించడం మర్చిపోతారు. బీము రాడ్లు పెట్టకముందే ఆ మూడు రింగుల్ని పిల్లరు రాడ్లకు తొడిగించి వాటి చోట కట్టించేయండి. బీము రాడ్లు పడ్డాక అక్కడ చేయి దూరదు.